రాయగడలో నాలుగు అంతస్తుల వాణిజ్య భవనం: మెయిన్ కేబులు 240 సరిపోతుందా?

నాగావళి_గట్టు | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను సివిల్ మనిషిని, కరెంటు మనిషిని కాను. రాయగడలో మా మామయ్య కట్టిస్తున్న భవనం పనులు చూస్తున్నాను. కింద ఎనిమిది కొట్లు, మొదటి అంతస్తు మొత్తం ఒక బట్టల షాపు, రెండో అంతస్తులో క్లినిక్కు, పైన ఫంక్షన్ హాలు. మొత్తం సుమారు 15 వేల చదరపు అడుగులు. కరెంటు దరఖాస్తుతో పాటు లోడు లెక్క, కేబుళ్ల వివరం ఒక పేజీలో రాసి ఇవ్వాలి. లైసెన్సు ఉన్న సూపర్‌వైజరు సంతకం పెడతారు గానీ, పెట్టే ముందు నాకు అర్థం కావాలి.

నేను వేసిన లెక్క ఇది. కొట్లు ఒక్కొక్కటి 5 కిలోవాట్లు, మొత్తం 40. బట్టల షాపు 44. క్లినిక్కు 24. హాలు 62, అందులో ఏసీలే 36. లిఫ్టు, పంపులు, మెట్ల దీపాలు, బయటి బోర్డులు కలిపి 16. అన్నీ కూడితే 186 కిలోవాట్లు. పవర్ ఫ్యాక్టరు 0.8 పట్టుకుంటే 323 ఆంపియర్లు వచ్చింది. క్యాటలాగులో మూడున్నర కోరు 240 స్క్వేర్ అల్యూమినియం ఎక్స్‌ఎల్‌పీఈ ఆర్మర్డ్ కేబులుకు భూమిలో 334 ఆంపియర్లు అని ఉంది. 323 కంటే ఎక్కువే కదా? మా మిస్త్రీ మాత్రం 185 చాలు, 240 దండగ అంటున్నాడు. ట్రాన్స్‌ఫార్మరు 250 కేవీఏ. బ్రేకరు 400 ఆంపియర్ల ఎం.సి.సి.బి. కొన్నారు, ఇంకా బిగించలేదు.

స్థలం గురించి రెండు మాటలు. ట్రాన్స్‌ఫార్మరు, జెనరేటరు రెండూ గేటు పక్క మూలలో ఉంటాయి. ప్యానెలు గది భవనం వెనక. ప్రహరీ వెంట తిరిగి వెళ్లాలి కాబట్టి కేబులు 90 మీటర్లు. పార్కింగు కోసం పైన కాంక్రీటు పోస్తాం కనుక మొత్తం దూరం ప్లాస్టిక్ పైపులోనే వేయాలని అనుకుంటున్నాం.

బరంపురం_తీగలు | ఆదివారం, రాత్రి 10:15

తమ్ముడూ, నేను ఇరవై ఏళ్లుగా కాంట్రాక్టు పనులు చేస్తున్నాను. 240 వద్దు, 300 వేసి హాయిగా నిద్రపో. కేబులు పెద్దదైతే నష్టమేమీ లేదు, చిన్నదైతేనే తంటా. ఇంకో సంగతి. జెనరేటరు కేబులు కూడా అదే గోతిలో పక్కనే వస్తుంది కదా, రెండు కేబుళ్లు పక్కపక్కన ఉంటే ఒకదాని వేడి ఇంకోదానికి తగులుతుంది. దానికి 0.8 తగ్గించాలి. 334కు 0.8 అంటే 267 మాత్రమే. నీ 323కు 240 ఎక్కడ చాలుతుంది?

పర్లాకిమిడి_ఎక్స్‌రే | సోమవారం, ఉదయం 6:50

నమస్కారమండీ. మా ఊళ్లో నాదీ ఇదే సమస్య. ఎక్స్‌రే తీసేటప్పుడు వోల్టేజీ పడిపోయి ఫిల్ము పాలిపోయినట్లు వస్తోంది. మంచి స్టెబిలైజరు ఏదో చెప్పగలరా? మీ క్లినిక్కులోనూ ఎక్స్‌రే యంత్రం పెడతారేమో, దానిమీద 30 కిలోవాట్లు అని రాసి ఉంటుంది. అది 24లో ఎక్కడా కనిపించలేదు, అందుకే అడుగుతున్నాను.

పాత_ఫోర్‌మన్ | సోమవారం, ఉదయం 8:30

జయపురం నుంచి రాస్తున్నాను. కాగితం మిల్లులో మెయింటెనెన్సులో పనిచేసి రిటైరయ్యాను.

గట్టు బాబూ, నీ కూడిక తప్పు కాదు. కానీ అది భవనంలో ఉన్న సామాను లెక్క. కేబులులో పారేది సామాను కాదు, ఒకే సమయంలో నడిచేది. అటు లోడును ఎక్కువ చూపించావు, ఇటు కేబులు బలాన్నీ ఎక్కువ చూపించావు. రెండు తప్పులు ఒకదానికొకటి చెల్లిపోయి 323కు 334 అని దగ్గరగా వచ్చాయి. అలా దగ్గరగా వచ్చిన లెక్కంటే నాకు భయం.

ముందు లోడు. కొట్లలో ఎనిమిది ఏసీలూ ఒకేసారి కంప్రెసరు మీద ఉండవు, అందుకని 0.8 వేస్తాను, 32. బట్టల షాపులో లైట్లు, ఏసీలు పొద్దస్తమానం నడుస్తాయి, 0.9, అంటే 40. క్లినిక్కుకు 0.7, అంటే 17. హాలులో పెళ్లి జరుగుతుంటే దాదాపు అన్నీ నడుస్తాయి, 0.85, అంటే 53. లిఫ్టు, పంపులు అప్పుడప్పుడే, 0.6, అంటే 10. మొత్తం 152. ఈ అంతస్తులన్నీ సరిగ్గా ఒకే నిమిషంలో తమ తమ శిఖరాలకు చేరవు కాబట్టి 1.1తో భాగిస్తాను, 138. ఇప్పటి ఇన్వర్టరు ఏసీలు, ఎల్ఈడీలతో పవర్ ఫ్యాక్టరు 0.9 పట్టుకోవచ్చు. నీ 0.8 పాఠ్యపుస్తకంలోది.

```
I = (138 × 1000) / (1.732 × 415 × 0.9) = 213 A
213 × 1.2 = 256 A
```

రెండో వరుస రేపటి పెరుగుదల కోసం ఇరవై శాతం. ఈరోజు బట్టల షాపు ఉన్నచోట రేపు ఏమొస్తుందో మామయ్యకే తెలియదు. 256 ఆంపియర్లంటే 184 కేవీఏ. 250 ట్రాన్స్‌ఫార్మరు సరిగ్గానే ఎంచుకున్నారు, 200 అయితే అంచుల్లో ఉండేది.

పర్లాకిమిడి మిత్రమా, ఎక్స్‌రే 30 కిలోవాట్లు సెకనులో చిన్న ముక్క మాత్రమే తీసుకుంటుంది. కేబులు వేడెక్కేది నిమిషాల లెక్కన, కాబట్టి లోడు కూడికలో దాన్ని కలపరు. మీ బాధ వేరే. యంత్రం ప్లేటు మీదో పుస్తకంలోనో లైను రెసిస్టెన్సు ఇంతకు మించరాదని రాసి ఉంటుంది, అది చూడండి. సన్నని వైరు మీద ఎంత పెద్ద స్టెబిలైజరు పెట్టినా ఆ క్షణంలో అది అందుకోలేదు. మెయిన్ నుంచి ఆ యంత్రానికి విడిగా లావు కేబులు లాగించండి.

పర్లాకిమిడి_ఎక్స్‌రే | సోమవారం, ఉదయం 9:05

అయ్యో, స్టెబిలైజరుకు అడ్వాన్సు ఇచ్చేశానండీ.

గుణుపురం_కొట్టు | సోమవారం, మధ్యాహ్నం 1:20

నేను ఇంజనీరును కాను, బట్టల కొట్టు నడుపుతాను. ఫోర్‌మన్ గారు అన్నీ ఒకేసారి శిఖరానికి చేరవన్నారు. మా వైపు అలా కాదండీ. పెళ్లి ముహూర్తాల నెలలో సాయంత్రం ఏడు గంటలకు కొట్టు కిటకిటలాడుతుంది, అదే సమయానికి హాలులో రిసెప్షను మొదలవుతుంది, డాక్టరు గారు కూడా సాయంత్రమే కూర్చుంటారు. అందరి ఏసీలూ ఒకే గంటలో మోగుతాయి. అది మే నెల కూడా అయితే ఇక చెప్పనక్కర్లేదు.

కోరాపుట్_కమల | సోమవారం, రాత్రి 8:10

కొట్టు గారు చెప్పిందే నా మాట కూడా. మాది కోరాపుట్, ఉద్యోగం విశాఖలో, రోజూ ఇలాంటి డిజైన్లే చేస్తాను. ఫోర్‌మన్ మాస్టారు, 0.85, 0.9 అని అంతస్తు అంతస్తుకూ ఒకసారి తగ్గించారు, సరే. మళ్లీ 1.1తో భాగించడం పెద్ద నగరంలో ఆఫీసులు, హోటళ్లు కలిసిన భవనానికి చెల్లుతుంది, ఎందుకంటే అక్కడ ఆఫీసు పగలు, హోటలు రాత్రి. ఇక్కడ అందరూ సాయంత్రం మనుషులే. నేనయితే 152 ఉంచేస్తాను. అప్పుడు 235 ఆంపియర్లు, ఇరవై శాతం కలిపితే 282.

ఇక కేబులు వైపు చూస్తే, క్యాటలాగులో 334 అనే అంకె కొన్ని షరతులకు లోబడి ఇచ్చినది. భూమి వేడి 30 డిగ్రీలు, లోతు 75 సెంటీమీటర్లు, కేబులు ఒంటరిగా నేరుగా మట్టిలో ఉండాలి. వేసవిలో రాయగడ నేల ఆ లోతులో 35 అనుకుంటే 0.96 గుణకం. మీరు మొత్తం దూరం పైపులో వేస్తామన్నారు. పైపులో కేబులు చుట్టూ ఉండేది గాలి, వేడి మట్టిలోకి తేలిగ్గా పోదు. దానికి సుమారు 0.85. మీ క్యాటలాగులో డక్టు అని విడిగా నిలువు వరుస ఉంటే దాన్నే తీసుకోండి.

```
334 × 0.96 × 0.85 = 272 A   (240)
288 × 0.96 × 0.85 = 235 A   (185)
```

మాస్టారి 256కు 240 చాలుతుంది. నా 282కు చాలదు. మిస్త్రీ చెప్పిన 185 ఎవరి లెక్కకూ చాలదు.

పాత_ఫోర్‌మన్ | సోమవారం, రాత్రి 9:30

అమ్మాయీ, అందరూ సాయంత్రం మనుషులే అన్న మాట నాకు తట్టలేదు. మిల్లులో ముప్పై ఏళ్లు మూడు షిఫ్టుల మధ్య బతికినవాడిని, పెళ్లిళ్ల ముహూర్తం నా లెక్కలో లేదు. అయినా 1.1 పూర్తిగా తీసేయమంటే ఒప్పుకోను. లిఫ్టు మోటారు, పంపు, హాలు వంటగది మూడూ ఒకే క్షణంలో నిండుగా నడవడం నేనెన్నడూ చూడలేదు.

బరంపురం బాబూ, మీ జెనరేటరు కేబులు సంగతి. పక్కపక్క కేబుళ్లకు తగ్గించాలన్నది నిజమే. అయితే ఆ రెండింటిలోనూ ఒకేసారి కరెంటు పారితేనే. ఇక్కడ లైను ఉన్నప్పుడు జెనరేటరు ఆగి ఉంటుంది, జెనరేటరు నడిచేటప్పుడు లైను ఉండదు. చల్లగా పడుకున్న కేబులు పక్కవాడిని ఎలా వేడెక్కిస్తుంది? మీ 0.8 ఇక్కడ అక్కర్లేదు. అదే గోతిలో నుంచి పక్క భవనానికి ఫీడరు ఏదైనా వెళితే అప్పుడు తప్పక వేయాలి.

బరంపురం_తీగలు | సోమవారం, రాత్రి 10:00

ఒప్పుకుంటున్నాను మాస్టారు, అది ఆలోచించలేదు. ఇన్నాళ్లూ ప్రతి పనిలో వేస్తూనే వచ్చాను, ఎవరూ అడగలేదు. కానీ 300 వేస్తే ఈ గొడవే ఉండదు కదా అన్న నా మాట మాత్రం నిలబడుతుంది. పైపులో కూడా 377కు 0.96, 0.85 వేస్తే 307 వస్తుంది. కమల గారి 282కూ చాలుతుంది.

కోరాపుట్_కమల | సోమవారం, రాత్రి 10:25

చాలుతుంది. అయితే 300ను ఎం.సి.సి.బి. టెర్మినలుకు వంచి బిగించేటప్పుడు మిస్త్రీ మిమ్మల్ని తలుచుకుంటాడు. ప్యానెలులో కింద చోటు తక్కువుంటే లగ్గు వంకరగా కూర్చుంటుంది, ఆ వంకర లగ్గే రెండేళ్లకు నల్లబడుతుంది. పెద్ద కేబులు వేస్తే నష్టమేమీ లేదన్న మాట నేను ఒప్పుకోను.

అంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. 400 బ్రేకరు కొన్నామన్నారు. అది ఎంతకు తిప్పి పెట్టవచ్చు? మామూలు థర్మల్ రకమైతే 0.8 నుంచి 1 వరకే తిరుగుతుంది. అంటే తక్కువలో తక్కువ 320 ఆంపియర్లు. కేబులు 272 దగ్గర ఆగిపోతే, బ్రేకరు 320 దాటేవరకూ మేలుకోదు. ఆ మధ్యలో కేబులు రోజూ కొంచెం కొంచెంగా ఉడుకుతుంది, బ్రేకరుకు అంతా బాగానే ఉన్నట్లు కనిపిస్తుంది. 185 వేసి ఉంటే ఈ ఖాళీ 235 నుంచి 320 దాకా.

నాగావళి_గట్టు | మంగళవారం, ఉదయం 7:15

ఇది నేను అసలు ఊహించలేదు. బ్రేకరు లోడును బట్టి ఎంచుకోవాలనుకున్నాను. డబ్బా తెరిచి చూశాను. ముందు భాగంలో చిన్న చక్రం ఉంది, దానిమీద 0.4 నుంచి 1 వరకు గీతలున్నాయి. పక్కన చిన్న చిన్న స్విచ్చులు కూడా ఉన్నాయి.

కోరాపుట్_కమల | మంగళవారం, ఉదయం 7:50

అదృష్టవంతులు. అది ఎలక్ట్రానిక్ ట్రిప్పు ఉన్న రకం. 0.65 దగ్గర పెడితే 260 ఆంపియర్లు. మాస్టారి 256 కంటే పైన, కేబులు 272 కంటే కింద. ఎప్పుడూ ఈ మూడూ ఈ వరుసలోనే ఉండాలి, లోడు, దానిపైన బ్రేకరు సెట్టింగు, దానిపైన కేబులు బలం. రేపు ఎవరైనా బ్రేకరు ఊరికే పడిపోతోందని చక్రం 1 మీదికి తిప్పేయకుండా, ఆ 0.65 అంకెను ప్యానెలు తలుపు లోపలి వైపు పెయింటుతో రాయించండి.

పాత_ఫోర్‌మన్ | మంగళవారం, ఉదయం 10:00

ఇప్పుడు వోల్టేజీ. మన గట్టు బాబు స్థలం వివరాలు చదివాక నిన్నంతా నన్ను ఒకటి తొలుస్తోంది. ట్రాన్స్‌ఫార్మరు ముందు వైపు గేటు పక్కన ఉంది. ప్యానెలు వెనక. మెట్లు, లిఫ్టు, కేబుళ్లు పైకెళ్లే షాఫ్టు ఎక్కడ?

నాగావళి_గట్టు | మంగళవారం, ఉదయం 10:40

ముందు వైపే మాస్టారు. కొట్ల వరుసకు చివర, గేటుకు దగ్గర.

పాత_ఫోర్‌మన్ | మంగళవారం, మధ్యాహ్నం 12:10

అదే అనుకున్నాను. కరెంటు ముందు నుంచి వెనక్కి 90 మీటర్లు నడిచి వెళ్లి, మళ్లీ భవనం లోపల నుంచి ముందుకు వచ్చి, అక్కడి నుంచి పైకెక్కుతుంది. హాలుకు ప్యానెలు నుంచి ఎంత దూరం వేసుకున్నావు? 45 మీటర్లు అయ్యుంటుంది.

240 కేబులు వేడిగా ఉన్నప్పుడు కిలోమీటరుకు 0.16 ఓములు, రియాక్టెన్సు 0.072 పట్టుకున్నాను.

```
Vd = 1.732 × I × L × (R × 0.9 + X × 0.436)
1.732 × 256 × 0.090 × 0.175 = 7.0 V
```

415లో ఇది 1.7 శాతం. హాలుకు 53 కిలోవాట్లంటే 82 ఆంపియర్లు. 35 స్క్వేర్ నాలుగు కోర్ల అల్యూమినియం కేబులు ఆంపియర్ల దృష్టితో సరిపోతుంది, కానీ 45 మీటర్లలో 6.6 వోల్టులు తినేస్తుంది, మరో 1.6 శాతం. రెండూ కలిపితే 3.3. హాలు డీబీకి, అంటే అక్కడి పంపిణీ బోర్డుకు, చేరేసరికే దీపాలకు నేను పెట్టుకునే 3 శాతం గీత దాటిపోయింది. సొంత ట్రాన్స్‌ఫార్మరు ఉంటే ఇంతకంటే ఎక్కువ అనుమతిస్తారు, నాకు తెలుసు. అయినా 3 శాతం నా అలవాటు. పంపిణీ లైనులోనే సాయంత్రం వోల్టేజీ తగ్గి వస్తే, దానిమీద మన నష్టం కూడా కలుస్తుంది కదా.

ప్యానెలును ముందుకు తెచ్చి మెట్ల పక్కన పెట్టు. మెయిన్ కేబులు 40 మీటర్లు, నష్టం 3.1 వోల్టులు. హాలు కేబులు 20 మీటర్లు, నష్టం దాదాపు 3. రెండూ కలిపి ఒకటిన్నర శాతం. కేబులు సైజు ఒక్క అంగుళం కూడా పెంచలేదు, పైగా జెనరేటరు కేబులు కూడా సగానికి పైగా మిగులుతుంది. 300 కొనడం కంటే గోడ జరపడం చవక.

నాగావళి_గట్టు | మంగళవారం, సాయంత్రం 5:30

మాస్టారు, గోడ జరపడం చవకే. కానీ మెట్ల పక్కనున్నది ఎనిమిదో కొట్టు. రోడ్డు వైపు మొదటి కొట్టు కూడా అదే. మామయ్య దాన్ని మందుల షాపుకు ఇస్తానని మాట ఇచ్చేశారు.

గుణుపురం_కొట్టు | మంగళవారం, సాయంత్రం 6:10

క్లినిక్కు మెట్ల పక్కన మందుల షాపంటే బంగారం బాబూ. కేబులు కోసం దాన్ని వదులుకుంటారా? అద్దె లెక్క వేసుకుంటే మీ 300 కేబులు రెండేళ్లలో వచ్చేస్తుంది.

బరంపురం_తీగలు | మంగళవారం, రాత్రి 8:45

కొట్టు గారి మాట నిజం. ఇంకో విషయం, ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నాను. మూడున్నర కోరు అసలు వేయకండి. అది పాతకాలం సంగతి. ఇక్కడే ఒక బట్టల షాపులో నేను కళ్లారా చూశాను. టాంగ్ టెస్టరు పెడితే ఫేజుల్లో 160, 150, 165. న్యూట్రల్‌లో 118! ఫేజులు సమంగా ఉంటే న్యూట్రల్‌లో ఏమీ ఉండకూడదు కదా. 185 కేబులుకు సగం కోరు 95 స్క్వేర్. న్యూట్రల్ లగ్గు గోధుమ రంగుకు తిరిగి, టేపు కరిగి కారింది. ఎల్ఈడీలు, ఇన్వర్టరు ఏసీలు వచ్చాక న్యూట్రల్ కూడా నాలుగో ఫేజే.

పాత_ఫోర్‌మన్ | మంగళవారం, రాత్రి 9:40

మీరు కొలిచిన అంకె నిజమే. ఆ డ్రైవర్లు పుట్టించే మూడో హార్మోనిక్ మూడు ఫేజుల్లోనూ ఒకే తాళంలో ఉంటుంది కాబట్టి న్యూట్రల్‌లో రద్దు కాదు, మూడూ కూడుకుంటాయి. కానీ మీ ముగింపు సగమే సరి. 95 స్క్వేర్ అల్యూమినియం 118 ఆంపియర్లను సునాయాసంగా మోస్తుంది. క్యాటలాగులో దానికి 200 ఉంది, పైపులో వేసినా 160 ఉంటుంది. మరి లగ్గు ఎందుకు మాడింది? న్యూట్రల్‌లో ఏమీ పారదన్న నమ్మకంతో దాన్ని నిర్లక్ష్యంగా క్రింపు చేసి ఉంటారు. వైరు తోలు తీశాక అల్యూమినియం మీద పేరుకునే పొరను గీకారా? పేస్టు రాశారా? లగ్గు మీద అచ్చు ముద్రలు ఎన్ని ఉన్నాయో చూశారా?

బరంపురం_తీగలు | మంగళవారం, రాత్రి 10:05

మాడిన లగ్గు కోసి చూస్తే ఒకే ముద్ర ఉంది. తీగల్లో మూడోవంతు లోపలికే వెళ్లలేదు. అది మా పని కాదు లెండి, ముందున్నవారిది. ఒకే ముద్ర ఉంటే ఏమవుతుంది, చేత్తో లాగితే రాలేదు కదా అన్నారట.

కోరాపుట్_కమల | బుధవారం, ఉదయం 8:00

చేత్తో లాగితే రాకపోవడం ఒక పరీక్ష కాదు. లోడు మీద ఉన్నప్పుడు నాలుగు లగ్గులనూ థర్మల్ గన్‌తో చూస్తే, పక్క లగ్గు కంటే ఒకటి ఇరవై డిగ్రీలు ఎక్కువుంటే దాని కథ అక్కడే తెలిసిపోతుంది.

న్యూట్రల్ మీద నేను ఇద్దరి మధ్యలో ఉన్నాను. మెయిన్ కేబులులో మూడు ఫేజుల ఏసీలు, లిఫ్టు, పంపులు కూడా కలుస్తాయి కాబట్టి హార్మోనిక్ వాటా పలచబడుతుంది. 240కి సగం కోరు 120, పైపులో కూడా అది 185 దాకా మోస్తుంది. మెయిన్‌కు మూడున్నర కోరుకు నాకు అభ్యంతరం లేదు. కానీ అంతస్తులకు వెళ్లే కేబుళ్లు, ముఖ్యంగా బట్టల షాపుది, తప్పకుండా నాలుగు పూర్తి కోర్లు ఉండాలి. అక్కడ లోడంతా దాదాపు సింగిల్ ఫేజే. మూడో హార్మోనిక్ 15 శాతం దాటితే పూర్తి న్యూట్రల్ ఉన్న కేబులును కూడా 0.86కు తగ్గించి వాడమని వైరింగ్ కోడ్ చెబుతోంది, ఎందుకంటే అప్పుడు వేడెక్కే తీగలు మూడు కాదు, నాలుగు. బట్టల షాపుకు 40 కిలోవాట్లంటే 62 ఆంపియర్లు. షాఫ్టులో పక్కపక్కన ఉన్నందుకు 0.8, దీనికి 0.86 వేసినా 35 స్క్వేరుకు 117లో 80 మిగులుతుంది. 63 ఆంపియర్ల ఎం.సి.సి.బి. హాయిగా సరిపోతుంది.

షార్ట్ సర్క్యూటు గురించి ఒక్క మాట రాసి వదిలేయండి. 250 కేవీఏ, 4.5 శాతం ఇంపిడెన్సు ఉన్న ట్రాన్స్‌ఫార్మరు దగ్గర దాదాపు 7.4 కిలోఆంపియర్లు వస్తుంది. 240 కేబులు సెకను పాటు 22 తట్టుకుంటుంది. అక్కడ ఇబ్బంది లేదు.

నాగావళి_గట్టు | శుక్రవారం, రాత్రి 9:20

మామయ్యతో మూడు రోజులు పట్టింది. మందుల షాపును వదలరు. కానీ మెట్ల కింద కొంత ఖాళీ ఉంది. దానికి లిఫ్టు పక్కన ఉంచిన సామాన్ల గది కలిపితే ప్యానెలు పడుతుంది. తలుపు ముందు నిలబడి పనిచేసే చోటు ఒక మీటరు మిగులుతోంది. మెయిన్ కేబులు 42 మీటర్లకు తగ్గింది. ప్రహరీ పక్కన పూల కుండీల పట్టీ వెంట నేరుగా మట్టిలో, ఇసుక పోసి ఇటుకలు పరిచి వేస్తాం. వాహనాలు తిరిగే చోట 6 మీటర్లు మాత్రమే పైపు. దరఖాస్తుకు పెట్టబోయే పేజీ ఇలా రాశాను, తప్పుంటే చెప్పండి.

కూడిన లోడు 186 కిలోవాట్లు. ఒకేసారి నడిచేది 152, అంతస్తుల మధ్య తేడాకు భాగించలేదు. కొట్టు గారు చెప్పిన ముహూర్తాల సాయంత్రం నాకు నచ్చింది. పవర్ ఫ్యాక్టరు 0.9, కరెంటు 235, పెరుగుదలతో 282 ఆంపియర్లు. ట్రాన్స్‌ఫార్మరు 250 కేవీఏ. మెయిన్ కేబులు మూడున్నర కోరు 240, మట్టిలో 35 డిగ్రీలకు 320 ఆంపియర్లు. బ్రేకరు చక్రం 0.7, అంటే 280. పెరుగుదల మొత్తం నిజంగా వచ్చిననాడు 0.75 చేసుకుంటాం. అంతస్తులకు నాలుగు కోర్ల 35. హాలు డీబీ దాకా వోల్టేజీ నష్టం 1.6 శాతం.

పాత_ఫోర్‌మన్ | శుక్రవారం, రాత్రి 10:10

1.6 ఎలా వచ్చింది? 282 ఆంపియర్లకు 42 మీటర్లు వేసి చూశాను. 3.6 వోల్టులు, హాలు కేబులు 3. అవును, 1.6 సరిపోయింది. హాలు కేబులుకు 100 బ్రేకరు పెట్టేవాళ్లు పూర్తిగా 100 మీదే వదిలేస్తారు, షాఫ్టులో గుంపుగా ఉన్న 35 కేబులు 93 మాత్రమే మోస్తుంది. దాన్ని 0.9కి తిప్పించు.

కోరాపుట్_కమల | శుక్రవారం, రాత్రి 10:30

పేజీ బాగుంది. కానీ 320 రాశారే, ఆ 6 మీటర్ల పైపు మాటేమిటి? కేబులు బలం దాని అతి బలహీనమైన చోటును బట్టే. పైపులో ఉన్న ముక్కకు ఇంకా 272 మాత్రమే. మీ 280 సెట్టింగు దానికంటే పైనుంది.

పాత_ఫోర్‌మన్ | శుక్రవారం, రాత్రి 10:50

ఆరు మీటర్ల ముక్క నుంచి వేడి అటూ ఇటూ అల్యూమినియం వెంట మట్టిలోకి జారిపోతుంది అమ్మాయీ. మా మిల్లులో ఇలాంటి రోడ్డు దాటింపులు ఎన్నో ఉన్నాయి, దేనికీ తగ్గించలేదు.

కోరాపుట్_కమల | శుక్రవారం, రాత్రి 11:05

రెండు మీటర్లయితే మీ మాట వింటాను మాస్టారు. ఆరు మీటర్ల మధ్యలోని తీగకు ఆ చివరల చల్లదనం అందదు. గట్టు గారూ, ఈరోజు 0.65 మీదే ఉంచండి. అంటే 260, ఇప్పటి 235కు చాలుతుంది. పెరుగుదల వచ్చినప్పుడు ఆ ముక్క మీద మళ్లీ పోట్లాడుకుందాం.

బరంపురం_తీగలు | శనివారం, ఉదయం 6:30

ఆ ఆరు మీటర్లలోనైనా 300 వేస్తే? అని అడగబోయి, మధ్యలో రెండు జాయింట్లు వస్తాయని గుర్తొచ్చి ఊరుకున్నాను.

నాగావళి_గట్టు | శనివారం, ఉదయం 7:00

0.65 అని దిద్దాను. సూపర్‌వైజరు గారు సోమవారం వస్తామన్నారు. మిస్త్రీకి 185 గురించి నేనే చెప్పాలి, ఇంకా చెప్పలేదు.